మా అత్తను ముట్టుకోవడానికి భయపడినవాళ్ల కోసం

నేను డిగ్రీ కాలేజీలో బయోకెమిస్ట్రీ చెబుతాను. ప్రోటీన్ల మడతల పాఠం చివర ప్రియాన్ల గురించి, అంటే మడత చెడి మెదడు జబ్బు తెచ్చే ప్రోటీన్ల గురించి, ఒక పేరా ఉంటుంది. పదిహేనేళ్లుగా దాన్ని ఐదు నిమిషాల్లో ముగించి, "షార్ట్ ఆన్సర్ రావచ్చు, చూసుకోండి" అని పుస్తకం మూసేదాన్ని. ఈ ఏడాది జనవరి నుంచి మే దాకా ఆ పేరా, అందులోని క్రాయిట్స్‌ఫెల్ట్-యాకోబ్ అనే జబ్బు, మా మేనత్తకు జరుగుతుంటే పక్కన కూర్చుని చూశాను. కోపం ఇంకా తగ్గలేదు. అందుకే పోస్టు పొడుగ్గా ఉంటుంది, ఓపిక ఉన్నవాళ్లే చదవండి.

అత్తకు 64 ఏళ్లు. బీపీ లేదు, షుగర్ లేదు. సంక్రాంతికి వాకిట్లో 21 చుక్కల ముగ్గు మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయింది. చుక్కలు కనిపిస్తున్నాయి కానీ ఏ చుక్కని దేనితో కలపాలో తెలియడం లేదంది. "కళ్లజోడు మార్చాలే చిట్టీ" అని నవ్వేసింది. కళ్ల డాక్టరు శుక్లం ఉందన్నారు, ఫిబ్రవరి మొదట్లో ఆపరేషన్ కూడా అయింది. చూపు ఏమీ మారలేదు. పైగా గ్లాసు పట్టుకోబోతే చేయి పక్కకు పోయేది. మెట్లు దిగుతుంటే తూలేది. నాకు తర్వాత అర్థమైంది, పాడైంది కన్ను కాదు, తల వెనక భాగంలో చూపును అర్థం చేసుకునే మెదడు. ఈ జబ్బు కొందరిలో అక్కడే మొదలవుతుంది. దానికి హైడెన్‌హైన్ రకం అని పేరు కూడా ఉంది. అలాంటివాళ్లలో చాలామంది ముందు కళ్ల డాక్టరు దగ్గరికే వెళ్తారు.

ఫిబ్రవరి నెలాఖరుకి నలభై ఏళ్లుగా ఉంటున్న ఇంట్లో బాత్రూమ్ ఎటో మర్చిపోయింది. ఒక ఆసుపత్రిలో చిన్న స్ట్రోక్ కావచ్చన్నారు. ఇంకోచోట డిప్రెషన్ అని నిద్రమాత్రలు రాశారు. ఎమ్మారై తీశారు, "వయసుకు తగిన మార్పులు" అని రిపోర్టు వచ్చింది. బంధువులైతే సరేసరి, "పెద్దతనం అంతే" అని తేల్చేశారు. సంక్రాంతికి పాతికమందికి వండిన మనిషి శివరాత్రి దాటేసరికి చెంచా పట్టుకోలేకపోతే అది పెద్దతనం ఎలా అవుతుంది? మామూలు మతిమరుపు జబ్బు ఏళ్ల తరబడి మెల్లగా దిగుతుంది. వారాల లెక్కన దిగిపోతుంటే అది వేరే జబ్బు. ఈ ఒక్క తేడా పట్టుకున్నవాళ్లు మాకు మూడో చోట దొరికారు.

మార్చి మధ్యలో వెళ్లాం. ఆ న్యూరాలజిస్టు రిపోర్టు పక్కన పెట్టి, పాత ఎమ్మారై సీడీనే కంప్యూటర్లో పెట్టుకుని చూశారు. అందులో డిఫ్యూజన్ అనే బొమ్మలు ఉంటాయి. మెదడు ముడతల అంచు వెంబడి, ముఖ్యంగా వెనక వైపు, తెల్లటి రిబ్బను కుట్టినట్టు మెరుస్తోంది. నాక్కూడా కనిపించింది, ఆయన వేలు పెట్టి చూపించాక. ఫిబ్రవరిలో తీసిన బొమ్మే అది. ఏం వెతకాలో తెలియకపోతే కళ్ల ముందున్నదీ కనపడదు, సరే. కానీ స్కాన్ రాసిన చీటీలో "రెండు నెలల్లో మతి తప్పింది" అన్న ఒక్క ముక్క లేదు. అది ఉంటే రిపోర్టు రాసినాయన ఆ రిబ్బను కోసం చూసేవాడేమో.

తర్వాత ఆయన అత్త వెనక నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టారు. ఒళ్లంతా ఒక్కసారి ఎగిరిపడింది. ఇంట్లో కుక్కర్ కూత వేసినప్పుడల్లా అలాగే అదిరిపడుతుంటే మేం ఉలికిపాటు అనుకున్నాం. మయోక్లోనస్ అంటారట దాన్ని. వేగంగా మతి పోవడం, నడకలో తూలడం, ఈ అదుర్లు, చివరికి మాటా కదలికా రెండూ లేకుండా కళ్లు తెరిచి పడి ఉండటం, ఇదీ వరస. మెదడు విద్యుత్తును గీతలుగా గీసే ఈఈజీ మొదటిసారి ఉత్త మందంగా వచ్చింది. పది రోజుల తర్వాత మళ్లీ తీస్తే గడియారం టిక్కుల్లా సుమారు సెకనుకొకటి చొప్పున మొనలు వచ్చాయి. ఇవి అందరిలో రావు, వచ్చినా ఆలస్యంగా వస్తాయి. మొదటి ఈఈజీ చూసి ఇది కాదనుకోకూడదు.

అలా బయటపడిన జబ్బే క్రాయిట్స్‌ఫెల్ట్-యాకోబ్, పొట్టిగా సీజేడీ. ఏడాదికి పది లక్షల మందిలో ఒకరికో ఇద్దరికో వస్తుంది.

ఇప్పుడు నా క్లాసు. మన అందరి నరాల కణాల మీద ప్రియాన్ ప్రోటీన్ అని ఒకటి మామూలుగానే ఉంటుంది. అది ఎక్కువగా మెలికలు మెలికలుగా మడిచి ఉంటుంది. అదే ప్రోటీన్, అవే అమినో ఆమ్లాలు, మడత మాత్రం మారి బల్లపరుపు పట్టీలుగా అయిందనుకోండి. ఆ చెడ్డ మడత పక్కనున్న మంచి ప్రోటీన్‌కి తగిలి దాన్నీ తనలా మార్చేస్తుంది. పాలల్లో తోడు వేసినట్టు. తేడా ఏమిటంటే తోడులో బతికున్న సూక్ష్మజీవులుంటాయి, ఇందులో ప్రాణమున్నది ఏదీ లేదు. డీఎన్ఏ లేదు, ఆర్ఎన్ఏ లేదు. 1982లో స్టాన్లీ ప్రూసినర్ దీనికి ప్రియాన్ అని పేరు పెడితే చాలామంది ఒప్పుకోలేదు. 1997లో ఆయనకే నోబెల్ వచ్చింది.

నన్ను అన్నిటికంటే ఒప్పించిన ప్రయోగం ఎలుకలది. ప్రియాన్ జన్యువు తీసేసిన ఎలుకల మెదడులోకి ఈ చెడ్డ ప్రోటీన్‌ని ఎక్కించారు. వాటికి జబ్బు రాలేదు. పాలే లేని గిన్నెలో ఎంత తోడు వేస్తే మాత్రం ఏం తోడుకుంటుంది? అంటే ఈ జబ్బుకి సరుకు బయటి నుంచి రానక్కర్లేదు, మన మెదడే తయారుచేసి ఇస్తుంది.

చెడ్డవి ఒకదానికొకటి అతుక్కుని పోగుల్లా పెరుగుతాయి. పోగు తెగితే రెండు కొత్త కొసలు, రెండు చోట్లా మళ్లీ పెరుగుదల. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. చాలాకాలం పైకి ఏమీ తెలియకుండా ఉండి, కొన్ని నెలల్లో అంతా కూలిపోవడానికి కారణం ఈ లెక్కే. నరాల కణాలు చచ్చి, మెదడు సూక్ష్మదర్శినిలో స్పాంజిలా చిల్లులుగా కనిపిస్తుంది. ఇదంతా సొంత ప్రోటీనే కాబట్టి ఒంట్లో కాపలా వ్యవస్థ పరాయిదని గుర్తుపట్టదు. జ్వరం ఉండదు. వెన్ను నీరు తీస్తే కణాలు మామూలుగానే ఉంటాయి. మాకూ అలాగే వచ్చింది.

ఆ తోడు గుణంతోనే ఒక పరీక్ష కూడా తయారుచేశారు. శుభ్రమైన ప్రియాన్ ప్రోటీన్ ఉన్న ప్లాస్టిక్ పళ్లెం గుంటల్లో రోగి వెన్ను నీరు వేసి గంటల తరబడి కుదుపుతారు. చెడ్డ మడత ఉంటే అది తోడుకుని, కలిపిన రంగు మెరవడం మొదలుపెడుతుంది. ఆర్‌టీ-క్విక్ అంటారు. ఇది మెరిసిందంటే సీజేడీ అని దాదాపు ఖాయం. అత్త శాంపిల్ పంపే ఏర్పాటు జరగలేదు, ఎమ్మారై, ఈఈజీ, లక్షణాలు చూసి "చాలా మటుకు ఇదే" అని రాశారు.

అలాగని ఆ న్యూరాలజిస్టు వెంటనే ఆ పేరు మా నెత్తిన వేయలేదు. ఈ మాట గట్టిగా చెప్పాలి. ముందు థైరాయిడ్, బీ12, సోడియం, హెచ్ఐవీ, సిఫిలిస్, మెదడు మీద తిరగబడే యాంటీబాడీలు అన్నీ చూశారు. ఐదు రోజులు స్టెరాయిడ్ ఎక్కించారు. ఎందుకంటే యాంటీబాడీల వల్ల వచ్చే మెదడు వాపు కూడా ఇలాగే వారాల్లో మతి పోగొడుతుంది, అదుర్లు తెస్తుంది, పైగా దానికి మందుంది. దాన్ని సీజేడీ అనుకుని ఇంటికి పంపేస్తే బతికే మనిషిని చంపుకున్నట్టే. అత్తకి స్టెరాయిడ్ వల్ల ఏ మార్పూ రాలేదు.

అసలు కోపం ఇక్కడి నుంచి. పేరు బయటికి పొక్కాక ఒక నర్సు గది గుమ్మంలోనే ట్రే పెట్టి వెళ్లిపోయింది. ఇంటికి దగ్గర్లో ఉంచుకుందామని ఒక చిన్న ఆసుపత్రిని అడిగితే "అంటుకునే కేసు, మా వల్ల కాదు మేడమ్" అన్నారు. కుటుంబ గ్రూపులో పిచ్చి ఆవు జబ్బు ఫార్వర్డులు. "లండన్ నుంచి అల్లుడు ఏం తెచ్చి పెట్టాడో" అని ఒకాయన. మా అత్త జీవితంలో గుడ్డు ముట్టలేదు! ఆవుల నుంచి మనుషులకు వచ్చిన రకం వేరు, 1996లో బ్రిటన్‌లో బయటపడింది, ఎక్కువగా చిన్నవయసు వాళ్లకు వచ్చింది, ముందు మనసు జబ్బులా మొదలై ఏడాది పైన సాగేది. అత్తకి వచ్చినది ఏ కారణమూ లేకుండా దానంతటది మొదలయ్యే రకం. సీజేడీలో నూటికి 85 దాకా ఇవే. మిగతావాటిలో ఎక్కువ భాగం వంశపారంపర్యం, బయట నుంచి వచ్చినవి వందలో ఒకటి కూడా ఉండవు.

ఆ ఒకటి ఎలా వచ్చిందో చూస్తే ఎక్కడ భయపడాలో తెలుస్తుంది. 1970లలో జ్యూరిక్‌లో సీజేడీ ఉన్న ఒకామె మెదడులో పెట్టిన ఎలక్ట్రోడ్లని ఆల్కహాల్, ఫార్మాల్డిహైడ్ ఆవిరితో శుభ్రంచేసి, ఇద్దరు కుర్ర మూర్ఛ రోగులకి వాడారు. ఇద్దరికీ జబ్బు వచ్చింది. తర్వాత అవే ఎలక్ట్రోడ్లు ఒక చింపాంజీకి పెడితే దానికీ వచ్చింది. చనిపోయినవాళ్ల మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి తీసిన ఎదుగుదల హార్మోన్, మెదడు పొర అతుకులు, ఒక కార్నియా మార్పిడి, ఇలాంటివే మిగతావి కూడా. అన్నిట్లో మెదడుకో కంటికో సంబంధించిన కణజాలం నేరుగా ఇంకో ఒంట్లోకి వెళ్లింది. మామూలుగా మరగబెడితే ఈ ప్రోటీన్ మడత విప్పుకోదు, ఫార్మలిన్‌కి ఇంకా గట్టిపడుతుంది. అందుకే మెదడు ఆపరేషన్ పరికరాలకి ఘాటైన సోడియం హైడ్రాక్సైడ్, 134 డిగ్రీల ఆవిరి ఒత్తిడిలో ఉడికించే ఆటోక్లేవ్ కావాలి, లేదా పారేయాలి. భయం అక్కడ పెట్టుకోవాలి. చేయి పట్టుకోవడం, అన్నం తినిపించడం, పక్కబట్టలు మార్చడం, ఒకే గ్లాసులో నీళ్లు తాగడం వల్ల ఇది రాదు. ఇది ఒక మెదడు లోపల ప్రోటీన్ నుంచి ప్రోటీన్‌కి అంటుకునే జబ్బు. మనిషి పక్కన మనిషి కూర్చుంటే అంటుకునేది కాదు.

ఏప్రిల్ మొదట్లో మాట ఆగింది. జబ్బుని ఆపే మందు లేదు, అదుర్లు తగ్గడానికి క్లొనాజెపామ్ ఇచ్చారు, కొంత తగ్గాయి. కుక్కర్ని పక్కింట్లో పెట్టించాం. మామయ్య, బావ, నేను వంతులు వేసుకుని తిప్పి పడుకోబెట్టేవాళ్లం. చుక్కలు గీసిన కాగితం ముందు పెడితే వేలు కదిపేది, ఏప్రిల్ దాకా. మే రెండో వారంలో పోయింది, నాలుగు నెలలు.

మెదడు కణజాలం తీసి పరీక్ష చేస్తేనే జబ్బు నూటికి నూరు ఖాయమవుతుంది. మమ్మల్ని ఎవరూ అడగలేదు. అడిగితే మామయ్య ఒప్పుకునేవాడో లేదో కానీ, అడగాల్సింది. దింపుడుకల్లం దగ్గర మోసేవాళ్లు గ్లవ్స్ కావాలన్నారు, ఇచ్చాం. మరణ ధ్రువపత్రంలో కారణం "గుండె, ఊపిరితిత్తుల వైఫల్యం" అని వచ్చింది. సీజేడీ అన్న మాటే లేదు. బావ కాగితాలన్నీ పట్టుకుని రెండుసార్లు వెళ్లొచ్చాడు. ఇంకా మార్చలేదు.