రావద్దన్నది వాళ్లే, రాలేదని జీతం కోసిందీ వాళ్లే

ఇప్పుడే కర్నూలు కంటి ఆసుపత్రి నుంచి అనంతపురానికి తిరిగొచ్చాం. అమ్మకు శుక్లం ఆపరేషన్ కాలేదు. ఇన్సూరెన్స్ కౌంటర్ దగ్గర "మీ తమ్ముడి పేరు అతని కంపెనీ పాలసీలో లేదు, ఏప్రిల్ 21నే తీసేశారు" అన్నారు. పొద్దున్నుంచి ఏమీ తినకుండా కూర్చున్న అమ్మ, "పోనీలేరా, ఇంకోసారి చేయించుకుందాం" అంది. ఆ మాట తలుచుకుంటే ఒళ్లు మండుతోంది.

తమ్ముడు ఒక ఫైనాన్స్ కంపెనీలో చేస్తున్నాడు. 2025 ఏప్రిల్ 20న రాజీనామా ఇచ్చాడు. నోటీసు 60 రోజులు, అంటే జూన్ 18 దాకా. ఆ సాయంత్రమే లాప్‌టాప్ తీసుకుని, "రేపటి నుంచి ఆఫీసుకు రావద్దు, గార్డెన్ లీవ్‌లో ఉన్నట్టు. జూన్ 18 దాకా ఇంకెక్కడా చేరకూడదు" అన్నారు. సరే అన్నాడు. తీరా చూస్తే ఏప్రిల్ జీతం 20 రోజులకే వేశారు!

గార్డెన్ లీవ్ అంటే సెలవు కాదండీ. మనిషి ఇంకా కంపెనీ ఉద్యోగే. పని చెప్పకపోవడం వాళ్ల నిర్ణయం. కాబట్టి చివరి రోజు దాకా జీతం పడాలి, పీఎఫ్ కట్టాలి, పాలసీలో పేరు ఉండాలి. బండి తిప్పితే ఇచ్చే పెట్రోలు డబ్బులు ఆపితే ఒప్పుకుంటాను, తిరగలేదు కదా. ఇన్సెంటివ్ సంగతి ఆఫర్ లెటర్లో ఎలా రాసి ఉంటే అలా. కానీ నెల జీతమే ఆపేసి, వేరేచోట చేరకుండా కట్టేస్తే ఇల్లెలా గడవాలి? ఆపాలనుకుంటే అతన్ని వదిలేయండి, రేపే కొత్త ఉద్యోగంలో చేరతాడు.

అసలు దెబ్బ గ్రాట్యుటీలో ఉంది. వాడు చేరింది 2018 నవంబర్ 12న. ఏప్రిల్ 20కి ఆరేళ్ల ఐదు నెలలు, చట్టం లెక్కలో ఆరేళ్లే. జూన్ 18కి ఆరేళ్ల ఏడు నెలలు. ఆరు నెలలు దాటింది కాబట్టి ఏడేళ్లు. బేసిక్ 26,000. దాన్ని 26తో భాగించి 15 రోజులకు లెక్కేస్తే ఏడాదికి 15,000. తేదీ ఒక్కటి వెనక్కి జరిపితే ఆ 15,000 పోయినట్టే. రాత్రి పీఎఫ్ పోర్టల్లో Service History తెరిచి చూశాం. Date of Exit దగ్గర ఏప్రిల్ 20 అనే ఉంది. నోటీసులో ఉన్నవాళ్లు ఎవరైనా ఇప్పుడే అది చూసుకోండి. "జూన్ 18 దాకా" అన్న మాట మెయిల్‌లో రాయించుకోండి. తమ్ముడికి అది నోటిమాటగానే చెప్పారు, మెయిల్ మాత్రం నిన్న అడిగాకే వచ్చింది.

లాక్‌డౌన్‌లో "మనమంతా ఒకే కుటుంబం" అని రెండు నెలలు సగం జీతమే ఇచ్చినప్పుడు ఇదే కంపెనీకి వాడు ఎదురుచెప్పలేదు. ఎండలో బండి మీద ఊరూరూ తిరిగి వసూళ్లు చేశాడు. ఆ సగం జీతం ఇప్పటికీ రాలేదు.

రేపు ఆ మెయిల్, చేరిన లెటర్, జీతం స్లిప్పులు పట్టుకుని కార్మిక శాఖ ఆఫీసుకు వెళ్తున్నాం. అమ్మ ఆపరేషన్‌కు డబ్బు నేనే కడతాను, వచ్చే వారానికి తేదీ తీసుకున్నాం.