లేజరు గన్ను తీసేస్తే ఏముంది సామీ?

క్రీ.శ. 2500. నెల్లూరు ట్రంకు రోడ్డు ట్రాఫిక్ మొత్తం ఆకాశానికి బదిలీ అయింది. హీరో చేతిలో లేజరు గన్ను, విలన్ చేతిలో అంతకంటే పొడుగు గన్ను. నూట ఇరవై పేజీలు కొట్టుకున్నాక హీరో ఎగిరే కారు దిగి ఇంట్లోకి వస్తాడు. అమ్మ చేపల పులుసు కాస్తూ, చెంగుతో కళ్లు తుడుచుకుంటూ, "వచ్చావా నాయనా, కాళ్లు కడుక్కో" అంటుంది. కారుకు రెక్కలొచ్చాయి గానీ వంటింట్లో పొగ పోలేదు. దీన్ని 'సైన్స్ ఫిక్షన్' అంటారు. అన్నంత మాత్రాన నమ్మేయాలా?

పరీక్ష సులువే. లేజరు గన్ను తీసి వేటకొడవలి పెట్టండి. ఎగిరే కారు తీసి సుమో పెట్టండి. కథ ఎక్కడా తడబడకపోతే అది ఫ్యాక్షన్ కథే.

ఇప్పుడు ఇదే పరీక్ష బెంగాల్ రచయిత్రి రొకేయా హుస్సేన్ రాసిన 'సుల్తానాస్ డ్రీమ్' కథకి పెట్టండి. 1905లో అచ్చయింది. ఎక్కడో కాదు, మన పక్కనున్న మద్రాసులో, ఇండియన్ లేడీస్ మ్యాగజైన్‌లో. అందులో మగవాళ్లు ఇంట్లో పరదా చాటున ఉంటారు, ఆడవాళ్లు దేశాన్ని నడుపుతారు. వంట ఎండ వేడితోనే. ఆ వేడి గొట్టంలో వంటింటికొస్తుంది, అందుకే పొగ లేదు, బొగ్గు లేదు. యుద్ధం కూడా ఉంది. రెండు వేల మంది విద్యార్థినులు అదే వేడిని శత్రువు మీదికి తిప్పుతారు. కొన్ని వాక్యాల్లో అయిపోతుంది. తక్కిన కథంతా వంటిల్లు, వీధి, చదువు, ఎవరు లోపల ఎవరు బయట అన్న లెక్క. ఆ తలకిందుల లెక్క తీసేస్తే కథలో గొట్టాలు తప్ప ఏమీ మిగలవు.

ఒప్పుకోవాల్సిందీ ఉంది: పాత్రలు పల్చన, ఎక్కువ భాగం ప్రశ్న, జవాబే. గన్ను లేనంత మాత్రాన మంచి కథ అయిపోదు. ఉపన్యాసం దంచేవాళ్లూ ఉన్నారు.

ఇలాంటి కథలు వెతికేటప్పుడు science fiction అని మాత్రమే కొడితే మళ్లీ గన్నులే ముందుకొస్తాయి. social science fiction, లేదా utopian fiction అని కొట్టండి. అట్ట చూసి కొనకండి, లోపల ఆలోచన ఉన్న పుస్తకానికీ అట్ట మీద రాకెట్టే వేస్తారు. మధ్య పేజీ తెరిచి చూడండి: అక్కడ పని ఎవరు చేస్తున్నారు, కూలి ఎంత, పాచి ఊడ్చేదెవరు?

రాకెట్టంటే గుర్తొచ్చింది. శ్రీహరికోట 2022 దాకా మన నెల్లూరు జిల్లానే. రాత్రి పూట ప్రయోగముంటే మిద్దెలెక్కి చూస్తాం, చప్పట్లు కొడతాం. ఆ దీవిలో తరతరాలుగా బతికిన యానాదులను కదిలించాకే గదయ్యా ఆ కేంద్రం వచ్చింది! చంద్రుడి మీదికి పోయే దారి ఒక గుడిసెలోంచి మొదలైంది. ఇంతకంటే పెద్ద సైన్స్ ఫిక్షన్ ప్రశ్న ఏ గ్రహంలో దొరుకుతుంది? మన రచయితలకు మాత్రం ఆ దీవి కనిపించదు. వాళ్లు ఇంకో గ్రహం నుంచి విలన్‌ను దింపే పనిలో ఉన్నారు. అతడూ సుమోలోనే వస్తాడు, కాకపోతే గాల్లో.