చలానా కట్టినా ‘Pending’ అంటే మళ్ళీ కట్టొద్దు, ముందు ఆ డబ్బు ఎక్కడుందో చూడండి

కావలి నుంచి రోజూ నెల్లూరికి డ్యూటీకొచ్చే ఒక పాఠకుడు పోయిన వారం మా ఆఫీసుకి ఫోన్ పట్టుకుని వచ్చాడు. హెల్మెట్ లేదని 1,000 రూపాయల చలానా పడింది, తప్పు నాదే సార్, కట్టేద్దామనే అనుకున్నా అన్నాడు. మంగళవారం సాయంత్రం రైల్లో ఇంటికి పోతా పోతా ఫోన్లోనే కట్టాడు, యూపీఐ పిన్ కొట్టాడు, బిట్రగుంట దాటేసరికి సిగ్నల్ పోయింది, తెర మీద చక్రం తిరుగుతా తిరుగుతా ఆగిపోయింది, వెనక్కి నొక్కేశాడు. బ్యాంకు నుంచి వెయ్యి కట్ అయిందని మెసేజ్ మాత్రం వచ్చింది, సరే కట్టేశాం కదా అని ఊరుకున్నాడు.

గురువారం పొద్దున నెల్లూరులో బండి ఆపారు. చెకింగ్ దగ్గరున్న కానిస్టేబుల్ నంబర్ కొట్టి చూసి “పెండింగ్ చూపిస్తా ఉండాదన్నా” అన్నాడు. ఈయన బ్యాంకు మెసేజ్ చూపించాడు, అది దేనికి కట్టారో మాకెట్టా తెలస్తాది, ఇక్కడ క్లియర్ కావాల కదా అన్నారు, డ్యూటీకి టైమైపోతా ఉందని అక్కడికక్కడే ఇంకో వెయ్యి కట్టేశాడు. ఇప్పుడు ఒక చలానాకి రెండు వేలు పోయినయ్, మొదటి వెయ్యి ఎవర్ని అడగాలో తెలీక తిరుగుతున్నాడు.

ఇందులో ఆ కానిస్టేబుల్ అబద్ధం చెప్పలేదు, మా పాఠకుడూ చెప్పలేదు. తేడా అంతా ఆ ‘పెండింగ్’ అనే మాటలో ఉంది. అసలు కట్టని చలానాకీ అదే మాట, డబ్బు బయల్దేరి ఇంకా కబురు చేరని చలానాకీ అదే మాట. మనం పిన్ కొట్టినాక మన బ్యాంకు డబ్బు తీస్తుంది, అది పేమెంట్ గేట్‌వే మీదుగా ప్రభుత్వ ఖాతా వైపు పోతుంది, ఆ తర్వాత ‘ఫలానా చలానాకి డబ్బు ముట్టింది’ అనే కబురు పోర్టల్‌కి తిరిగి రావాలి. డబ్బు పోవడం ఒక పని, కబురు రావడం ఇంకో పని. మధ్యలో నెట్ పోయినా, తెర మూసేసినా, వెనక్కి నొక్కినా ఆ రెండో పని ఆగిపోవచ్చు. అందుకే బ్యాంకు మెసేజ్ అనేది మన ఖాతాలోంచి డబ్బు పోయిందనడానికే సాక్ష్యం, చలానా మూసుకుపోయిందనడానికి కాదు. దానికి సాక్ష్యం పోర్టల్లో మారిన స్టేటస్, అక్కడ వచ్చే రసీదు, ఈ రెండే.

మరి స్టేటస్ ఎక్కడ చూడాలి? echallan.parivahan.gov.in లో, ఆ అడ్రస్ మీరే టైప్ చేసుకుని చూడాలి. Check Challan Status లోకి పోతే చలానా నంబర్ తోనో, బండి నంబర్ తోనో, లైసెన్స్ నంబర్ తోనో వెతకొచ్చు, బండి నంబర్ తో అయితే ఛాసిస్ లేదా ఇంజిన్ నంబర్లో చివరి అంకెలు అడుగుతుంది, ఆర్సీ పక్కన పెట్టుకోండి. ఒకసారి బండి నంబర్ తో కూడా చూడమని మేం గట్టిగా చెప్తున్నాం, ఎందుకంటే కొంతమందికి అసలు సమస్య వేరే ఉంటుంది, ఒకే బండి మీద రెండు తేదీల్లో రెండు చలానాలు ఉంటాయి, ఒకటి కట్టి రెండోది చూసి కట్టింది ఇంకా పెండింగే ఉందని కంగారు పడతారు. తేదీ, చలానా నంబర్ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ అనుమానం అక్కడే తీరిపోతుంది.

నంబర్ అదే, స్టేటస్ మాత్రం Pending అనుకోండి. పక్కనే కట్టమని బటన్ ఉంటుంది, దాని జోలికి పోవద్దు. యూపీఐ యాప్‌లో హిస్టరీ తెరిచి ఆ పేమెంట్ మీద నొక్కితే 12 అంకెల యూటీఆర్ నంబర్ కనిపిస్తుంది, దాన్ని రాసిపెట్టుకోండి, స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఇక్కడ్నించి దారి రెండుగా చీలుతుంది. యాప్‌లో పేమెంట్ ఫెయిల్ అనో, ఇంకా ప్రాసెస్‌లో ఉందనో ఉంటే అది బ్యాంకు పని. డబ్బు కట్ అయి, వ్యాపారి వైపు కబురు అందని యూపీఐ పేమెంట్ అయితే కట్టిన రోజు నుంచి 5 రోజుల్లోపు దానంతటదే తిరిగి జమ కావాలని రిజర్వ్ బ్యాంక్ 2019 సెప్టెంబర్ లో రూల్ పెట్టింది, ఆపైన ఆలస్యమైతే రోజుకి 100 రూపాయల పరిహారం. ఇవి క్యాలెండర్ రోజులే, సెలవులు తీసేయరు. మా పాఠకుడిలా మంగళవారం కట్టినవాళ్ళకి ఇట్టా జరిగితే ఆదివారం దాకా గడువు, గురువారానికి అది ఇంకా నడుస్తానే ఉంటుంది, ఆ రోజు రెండోసారి కట్టాల్సిన పనే లేదు. డబ్బు తిరిగొస్తే మాత్రం చలానా నిజంగానే కట్టనట్టు, అప్పుడు మళ్ళీ కట్టాలి.

అదే యాప్‌లో సక్సెస్ అని ఉంటే డబ్బు అవతలి ఖాతాకి చేరిపోయిందని అర్థం, అది దానంతటదే వెనక్కి వస్తుందని కూర్చుంటే రాదు. అప్పుడు పోర్టల్లోనే కంప్లైంట్ పెట్టాలి, చలానా నంబర్, యూటీఆర్, కట్టిన తేదీ, టైమ్ రాసి స్క్రీన్‌షాట్ జత చేయాలి, టికెట్ నంబర్ వస్తుంది, దాన్ని దాచుకోవాలి. మా పాఠకుడి ఫోన్లో మేం చూసినప్పుడు ఆయన మొదటి పేమెంట్ సక్సెస్ అనే ఉంది, కాబట్టి రెండు యూటీఆర్ లూ వేసి, ఒకే చలానాకి రెండుసార్లు కట్టానని ఆయన చేతే అక్కడే రాయించాం. ఫెయిలైన పేమెంట్ మీద బ్యాంకుకిచ్చిన ఫిర్యాదుకి 30 రోజుల్లో జవాబు రాకపోతే cms.rbi.org.in లో అంబుడ్స్‌మన్ కి పోవచ్చు.

ఇంకో మాట చెప్పాలి, ఇది అన్నిటికన్నా డబ్బు పోయే చోటు. కట్టి కూడా పెండింగ్ చూసి భయపడి ఉన్న మనిషికి ‘మీ చలానా కట్టలేదు’ అని వాట్సాప్ లో ఒక ఫైల్ వస్తే నొక్కేస్తాడు. పేరు చివర్లో .apk అని ఉన్న ఫైల్ ఇన్‌స్టాల్ చేయమని ఏ ట్రాఫిక్ పోలీసూ పంపరు. అది ఫోన్లోకి దిగిందంటే మెసేజ్ లు, ఓటీపీలు అవతలోడికి పోతాయి, పోయేది వెయ్యి కాదు, ఖాతా మొత్తం. లింక్ ఏదొచ్చినా అడ్రస్ .gov.in తో అయిపోతోందా లేదా చూడాలి, దాని తర్వాత ఇంకో పేరు తగిలించి ఉంటే వదిలేయాలి.

జనం ఇంత జాగ్రత్త పడాలంటే అటు వైపు కూడా రెండు పనులు జరగాలి. కట్టే ప్రయత్నం మొదలై కబురు రాని చలానాని ‘పెండింగ్’ అని కాకుండా ‘పేమెంట్ వెరిఫికేషన్ లో ఉంది’ అని చూపించాలి, అది తేలేదాకా ఆ చలానాకి కట్టే బటన్ పని చేయకూడదు. ఇది చిన్న మార్పే, డబ్బు రెండుసార్లు పోవడం అక్కడే ఆగిపోతుంది. రెండోది మన జిల్లాల పోలీసు అధికారులు చేయగలిగింది, చెకింగ్ లో ఎవరైనా యూటీఆర్ నంబర్ చూపిస్తే ఆ నంబర్, ఆ తేదీ రాసుకుని పంపించేయమని, గడువు దాటినాకే మళ్ళీ అడగమని కింది సిబ్బందికి చెప్పాలి. ఒంగోలు, నెల్లూరు ట్రాఫిక్ స్టేషన్లలో వారానికి ఒక పూటన్నా ఒక మనిషిని ఇలాంటి కేసులకే కూర్చోబెడితే, ఆర్సీ ట్రాన్స్‌ఫర్ టైమ్ లో పాత చలానా బయటపడి ఆగిపోయేవాళ్ళకి కూడా ఒక దారి దొరుకుతుంది. కావలి పాఠకుడి టికెట్ మేం కూడా చూస్తా ఉన్నాం, ఆ మొదటి వెయ్యి వచ్చిన రోజు ఇదే పేజీలో రాస్తాం.