సవరణ: కడుపులో పుండ్లు తెచ్చే హెచ్. పైలోరీ బాక్టీరియా పోయిందో లేదో ఎప్పుడు చూడాలి

"మందుల కోర్సు అయిన వారానికి శ్వాస పరీక్ష చేయిస్తే నెగటివ్ వచ్చింది. కడుపులో ఆమ్లం తగ్గించే పాంటాప్రజోల్ ఇంకా వేసుకుంటున్నాను. ఇక పోయినట్టేనా?"

ఆ ఫలితాన్ని నమ్మకండి. వారానికే చేయించుకోవచ్చని ముందు రాసింది మా తప్పు, క్షమించండి.

శ్వాస పరీక్షలో మనం గుర్తుపట్టగలిగే ప్రత్యేక కార్బన్ ఉన్న యూరియా మింగుతాం. కడుపులో ఈ బాక్టీరియా ఉంటే దాని యూరియేజ్ ఎంజైము యూరియాను విడగొడుతుంది, ఆ కార్బన్ ఊపిరిలో బయటికొస్తుంది. యాంటీబయాటిక్స్, బిస్మత్, పాంటాప్రజోల్ బాక్టీరియాను పూర్తిగా చంపకపోయినా బాగా అణిచేస్తాయి. మిగిలిన కొద్దిపాటి బాక్టీరియా పరీక్షకు దొరకదు, కొన్ని వారాల్లో మళ్లీ పెరుగుతుంది. పుండు తిరగబెట్టేదీ, క్యాన్సర్ ముప్పు తగ్గకుండా ఉండేదీ అందుకే.

ఉదాహరణకు పాంటాప్రజోల్, బిస్మత్, టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్‌తో 14 రోజుల కోర్సు మార్చి 14న ముగిసిందనుకోండి. యాంటీబయాటిక్స్, బిస్మత్ ఆపాక కనీసం 4 వారాలు ఆగాలి, అంటే ఏప్రిల్ 11. పాంటాప్రజోల్ అంతకు 2 వారాల ముందే, మార్చి 28కల్లా ఆపాలి. పుండు నుంచి రక్తం పోయినవాళ్లు మాత్రం డాక్టర్ని అడగకుండా ఆపకూడదు.

మలంలో యాంటిజెన్ పరీక్షకూ ఇదే గడువు. రక్తంలో యాంటీబాడీ పరీక్ష ఇక్కడ పనికిరాదు. బాక్టీరియా పోయినా అది నెలల తరబడి పాజిటివ్‌గానే ఉంటుంది.