ఒంటరి రాజు, అయిదు పాయింట్లు

నిన్న ఆదివారం బరంపురంలో, మా కాలనీ వాళ్లు కల్యాణ మండపంలో చెస్ పోటీ పెట్టారు. పెళ్లిళ్ల సీజను కాదు కాబట్టి మండపం ఖాళీ, కాబట్టి చెస్. ఎంట్రీ ఫీజు కట్టాం, టేబుళ్ల ముందు కూర్చున్నాం, నాకు ఏడో తరగతి కుర్రాడు పడ్డాడు. ఇరవయ్యో ఎత్తు దగ్గర నా గుర్రం ఒకటి పోయింది. ఎలా పోయిందనేది ఈ వ్యాసానికి అవసరం లేని విషయం.

అసలు కథ చివర్లో ఉంది. బోర్డు మీద మిగిలినవి ఇవీ. కుర్రాడివి తెల్లపావులు: రాజు ఎఫ్4లో, తెల్లగళ్ల బిషప్ ఎఫ్3లో, బంట్లు జి4, హెచ్3 గళ్లలో. నావి నల్లపావులు: రాజు జి7లో, హెచ్6లో ఒకే ఒక బంటు. అంతే. పక్క టేబుల్ పెద్దాయన నా బోర్డు వంక చూసి, "అయిపోనాది కదా బావూ, లేచిపో" అన్నాడు.

లేవలేదు. ఇలాంటప్పుడు చాలామంది చేసే పని, రాజుని జి7 నుంచి హెచ్7కి, హెచ్7 నుంచి జి7కి తిప్పుతూ అవతలివాడు ఏదో తప్పు చేస్తాడని ఎదురుచూడటం. ఆ పని చేస్తే అవతలివాడు తప్పు చెయ్యాల్సిన అవసరమే రాదు. హెచ్3 బంటుని హెచ్4కి జరుపుతాడు, తీరిగ్గా జి4 బంటుని జి5కి తోస్తాడు, బంట్లు మార్చుకుంటాడు, చివరికి బిషప్‌తో పాటు జి ఫైలు, అంటే జి నిలువు వరస, బంటు మిగుల్తుంది. ఇక దాన్ని రాణిని చేసుకోవడం ఏడో తరగతి పని కూడా కాదు, నాలుగో తరగతి పని. ఊరికే కూర్చుంటే ఓటమి మనల్ని వెతుక్కుంటూ వస్తుంది, కొంచెం ఆలస్యంగా.

అందుకని ముందు మనకి కావాల్సిన కోట ఏదో చూసుకోవాలి. నా కోట హెచ్8 మూల గడి. అది నల్ల గడి. కుర్రాడి బిషప్ తెల్ల గళ్లది. అది జన్మలో ఆ మూల గడిని తాకలేదు. హెచ్ ఫైలు బంటు రాణి కావాలంటే చేరాల్సిందీ ఆ గడికే. అతనికి హెచ్ ఫైలు బంట్లు మాత్రమే మిగిలాయంటే, అవి ఒకటైనా రెండైనా, నేను ఆ మూలలో కూర్చుంటే నన్ను అక్కణ్నించి లేపేవాడు లేడు. మరీ దగ్గరకొచ్చి ఊపిరాడకుండా చేస్తే నాకు కదిలే ఎత్తు ఉండదు, అది స్టేల్‌మేట్, అంటే డ్రా. అదే జి బంటు మిగిలితే ఆ మూల నన్ను కాపాడదు. కాబట్టి నా పని ఒకటే: జి4 బంటుని జి ఫైలు నుంచి తప్పించాలి. దాన్ని నేను తీసెయ్యలేను. కుర్రాడే తప్పించాలి.

హెచ్6 బంటుని హెచ్5కి తోశాను.

ఈ ఎత్తులోని అందం ఎవరైనా అడిగితే చెబుదామని అప్పటినుంచీ చూస్తున్నాను, ఎవరూ అడగలేదు కాబట్టి ఇక్కడ చెబుతున్నాను. జి4 బంటుతో నా బంటుని కొడితే అతని రెండు బంట్లూ హెచ్ ఫైల్లోకి పోతాయి, నాకు కోట. కొట్టకుండా వదిలేస్తే నేను జి4ని కొడతాను. అప్పుడు బిషప్‌తో తిరిగి కొట్టినా హెచ్3 బంటు ఒక్కటే మిగుల్తుంది, మళ్లీ కోట. హెచ్3 బంటుతో తిరిగి కొడితే మాత్రం నేను గోవిందా. కొట్టకుండా జి5కి తోసేసినా గోవిందానే, ఎందుకంటే అతని బంటు జి ఫైల్లోనే ఉంటుంది, నా హెచ్ బంటు ఎలాగూ పోతుంది. అంటే అతనికి గెలిచే దారులున్నాయి, కానీ కళ్లముందు ఊరికే పడున్న బంటుని వదిలేసి వాటిని వెతకాలి. ఏడో తరగతి కుర్రాడికి ఊరికే వచ్చిన బంటు కనబడితే ఏం చేస్తాడు? కొట్టేశాడు, టక్కున. నేను మెల్లిగా రాజుని హెచ్7కి జరిపి, కుర్చీలో వెనక్కి వాలి, "డ్రా" అన్నాను.

ఆ మాట కొంచెం గట్టిగా అన్నట్టున్నాను. సెక్రటరీ గారు వచ్చారు.

ఈయనకి చెస్ ఎంత తెలుసో నాకు తెలీదు గానీ పాయింట్లు బాగా తెలుసు. గోడ మీద చార్టు అంటించి ఉంది: రాణి 9, ఏనుగు 5, బిషప్ 3, గుర్రం 3, బంటు 1. భోజనం టైముకి ఆట తేలకపోతే పాయింట్లు ఎక్కువున్నవాడే విజేత. ఆయన వంగి, వేలితో లెక్క మొదలెట్టారు. "బాబుకి బిషప్ మూడు, బంట్లు రెండు, మొత్తం అయిదు. మీకూ..." అని బోర్డంతా వెతికారు. టేబుల్ కిందకి కూడా చూశారు, నా పావులేమైనా పడిపోయాయేమోనని. "మీకేటీ లేదు కదండీ?"

"రాజున్నాడండీ."

"రాజుకి పాయింట్లు లేవండీ."

చార్టులో నిజంగానే లేవు. యాభై ఎత్తుల నియమం గురించి చెప్పాను: చివరిసారి పావు కొట్టాకో, బంటు కదిలాకో ఇద్దరూ చెరో యాభై ఎత్తులు ఆడినా ఏమీ కొట్టకుండా, ఏ బంటూ కదలకుండా ఉంటే డ్రా అడగొచ్చు. "యాభై ఎత్తులా? ఇప్పుడా?" అని ఆయన వంటవాళ్ల వైపు చూశారు. కుర్రాడి నాయనమ్మ ఎప్పుడొచ్చిందో గానీ, "పాపం, ఒక్కడే మిగిలిపోయాడు, ఒగ్గీరా నాన్నా" అని మనవడిని బతిమాలుతోంది. నాకు కావాల్సింది జాలి కాదు, డ్రాకి వచ్చే అర పాయింటు.

చివరికి నాకు చిర్రెత్తి, "సరే, మీరే తెల్లపావులు ఆడి గెలవండి చూద్దాం" అన్నాను. ఆ మాట కోసమే చూస్తున్నట్టు చొక్కా చేతులు మడిచి కూర్చున్నారు. చుట్టూ జనం. ఒడియాలో ఒకరు, తెలుగులో ఒకరు సలహాలు. ఆయన బంటుని హెచ్6కి తోశారు, నేను హెచ్8కి వెళ్లాను. ఆయన రాజు ఎఫ్5కి వచ్చాడు, నేను జి8. ఆయన రాజు జి6, నేను మళ్లీ హెచ్8. ఆయన మీసాల్లో నవ్వుకుంటూ బిషప్‌ని ఎఫ్3 నుంచి డి5కి, జి8 గడికి గురిపెట్టి, చప్పుడయ్యేలా దించారు.

నా రాజుకి చెక్ లేదు. కదలడానికి గడీ లేదు. స్టేల్‌మేట్.

"చూశారా!" అన్నాను, ఈసారి లేచి నిలబడి.

"చూశాను," అన్నారాయన. "మీకు కదలడానికి లేదు."

"అవునండీ!"

"కదల్లేకపోతే ఓడిపోయినట్టే కదండీ?"

జనంలో నలుగురైదుగురు తలూపారు. వెనకనుంచి ఎవరో ఒడియాలో "హారిగలా", అంటే ఓడిపోయాడు, అని తీర్పు కూడా ఇచ్చేశారు. స్టేల్‌మేట్ అంటే డ్రా అని ఆ మండపంలో తెలిసినవాళ్లు ఇద్దరమే, నేనూ ఆ కుర్రాడూ. వాడు నా మొహం చూసి, తర్వాత చార్టు చూసి, నాయనమ్మ కొంగు పట్టుకుని భోజనాల వైపు వెళ్లిపోయాడు. పైకొస్తాడు.

సెక్రటరీ గారు నా పేరు పక్కన సున్నా వేసి, దాని చుట్టూ ఇంకో సున్నా చుట్టి, పెన్ను జేబులో పెట్టుకున్నారు. నేను చెయ్యి కడుక్కుని వెళ్లేసరికి డాల్మా అయిపోయింది.