ఇండియా, గల్ఫ్ ప్లేయర్ల మైన్‌క్రాఫ్ట్ సర్వర్‌కు సింగపూర్ ఎందుకు వద్దు

"సగం మంది ఇండియా, సగం మంది గల్ఫ్ అయితే సింగపూర్ సర్వర్ తీసుకోండి, ఇద్దరికీ సమానంగా ఉంటుంది. 32 జీబీ ర్యామ్, ఎక్కువ కోర్లు ఉంటే లాగ్ అసలు రాదు." సర్వర్ కొనేవాళ్లకు ఇలాంటి సలహా వినిపిస్తుంటుంది, కానీ ఇందులో రెండు మాటలూ తప్పే.

మ్యాప్ తీసి చూడండి. దుబాయ్ నుంచి ముంబయి దాదాపు 1,900 కిలోమీటర్లు, సింగపూర్ దాదాపు 5,800. ఫైబర్‌లో సిగ్నల్ మిల్లీసెకనుకు సుమారు 200 కిలోమీటర్లు వెళ్తుంది. పింగ్ అంటే వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం కాబట్టి దుబాయ్ ప్లేయర్‌కి సింగపూర్ పింగ్ ఎంత మంచి లైన్ ఉన్నా 58 మిల్లీసెకన్ల కంటే తగ్గదు. ముంబయికి ఆ హద్దు 19. కేబుళ్లు తిన్నగా పోవు కాబట్టి అసలు అంకెలు ఇంకా పెరుగుతాయి. హైదరాబాద్ వాళ్లకూ ముంబయే దగ్గర. సింగపూర్‌తో నష్టం ఇద్దరికీ, సమానం మాట దేవుడెరుగు.

అలాగని ముంబయి అనగానే కొనేయకండి. గల్ఫ్‌లోని కొన్ని నెట్ కంపెనీల ట్రాఫిక్ యూరప్ చుట్టి ముంబయికి వస్తుంది, అప్పుడు పింగ్ 150 దాటిపోతుంది. అందుకే ఒక నెలకే సర్వర్ తీసుకుని, కువైట్, దోహా, దుబాయ్‌లలో ఉన్న మనవాళ్ల చేత రాత్రి రద్దీ వేళ ఇది రన్ చేయించండి (విండోస్‌లో WinMTR సరిపోతుంది):

```
mtr -rwc 100 SERVER_IP
```

దారిలోని ఒక్కో రూటర్‌ను హాప్ అంటారు. ఒక హాప్ దగ్గర పింగ్ ఒక్కసారిగా వంద పెరిగి, చివరిదాకా తగ్గకపోతే దారి చుట్టు తిరుగుతోందన్నమాట. మధ్యలో ఒకే హాప్‌లో లాస్ కనిపించి, ఆ తర్వాతివన్నీ శుభ్రంగా ఉంటే టెన్షన్ అక్కర్లేదు, ఆ రూటర్ పింగ్‌లకు సరిగా జవాబివ్వడం లేదంతే. సర్వర్ నుంచి ప్లేయర్ ఐపీకి కూడా ఇదే కొట్టాలి. తిరుగు దారి వేరేగా ఉండొచ్చు, చాలామంది వదిలేసేది ఇదే. కువైట్ వాళ్లలో ఒకే కంపెనీ వాడేవాళ్లకు మాత్రమే చుట్టుదారి అయితే, వేరే నెట్‌వర్క్ ఉన్న ఇంకో ముంబయి హోస్ట్‌ని చూడండి. గల్ఫ్ వాళ్లే ఎక్కువైతే బహ్రెయిన్, యూఏఈ డేటా సెంటర్లనూ ఇలాగే పరీక్షించవచ్చు, కాకపోతే అక్కడ ఖర్చు ఎక్కువే.

ఇక ర్యామ్. మైన్‌క్రాఫ్ట్ జావా సర్వర్‌లో ఆట లెక్కలు ప్రధానంగా ఒకే థ్రెడ్‌పై నడుస్తాయి. సెకనుకు 20 టిక్కులు, ఒక్కోదానికి 50 మిల్లీసెకన్లు. ఆ ఒక్క కోర్ నెమ్మదైనదైతే పక్కన పదిహేను కోర్లు ఖాళీగా కూర్చుంటాయి. పేపర్ సర్వర్‌లో `/mspt` కొట్టండి, ఒక్కో టిక్కుకు ఎన్ని మిల్లీసెకన్లు పడుతోందో చూపిస్తుంది. సగటు 50 దాటితే తప్పు సర్వర్‌ది: కొత్త తరం, ఎక్కువ క్లాక్ ఉన్న ప్రాసెసర్ తీసుకోవాలి, లేదా ఫార్ములు, సిమ్యులేషన్ దూరం తగ్గించాలి. సగటు 20 మిల్లీసెకన్ల దగ్గరే ఉన్నా ఒకరికే బ్లాకులు తిరిగి వచ్చేస్తుంటే ఆ మనిషి నెట్ దారి చూడాలి. పాతిక ముప్పై మందికి, మామూలు ప్లగిన్లకు 10 జీబీ హీప్ చాలు. జావాకు హీప్ బయట కూడా మెమరీ కావాలి కాబట్టి 12 జీబీ ప్లాన్ తీసుకోండి. 32 జీబీకి పెట్టే డబ్బు మంచి కోర్ మీద పెట్టండి.

రోజువారీ రీస్టార్ట్ మన టైమ్‌లో ఉదయం 5 గంటలకు పెట్టుకోండి. అర్ధరాత్రి 12కి పెడితే కువైట్‌లో అప్పటికి రాత్రి తొమ్మిదిన్నరే, డ్యూటీ ముగించుకుని వాళ్లు ఆటలోకి వచ్చే వేళ అది.