పది యాభైకి కదిలే బిడ్డ

చిన్ని నా కడుపులో ఉన్నప్పుడు దాన్ని వారం రోజుల పాటు గ్యాస్ అనుకుని వాము నీళ్లు తాగాను. ఇది మా ఇంట్లో పాత కథే, పండక్కి నలుగురు చేరితే చాలు అత్తయ్య మొదలుపెడతారు, "మా కోడలు మనవరాల్ని వాముతో కుదుర్చుదామని చూసిందమ్మా" అని. నా తప్పేం లేదండీ, తొలిచూలు, పంతొమ్మిదో వారం, పొత్తికడుపులో ఎక్కడో సోడా బుడగ పగిలినట్టు టుప్ అంటుంది, ఆగిపోతుంది, మళ్లీ ఓ గంటకో రెండు గంటలకో టుప్ టుప్. సినిమాల్లో చూపించినట్టు ఎవరో లోపల్నుంచి ఫుట్‌బాల్ ఆడతారని ఎదురుచూస్తున్న మనిషికి టుప్ అంటే ఏం తెలుస్తుంది? గ్యాస్ అయితే ఇటునుంచి అటు పాకుతుంది, గుడగుడమంటుంది, ఓ తేన్పు వస్తే సర్దుకుంటుంది. ఇది మాత్రం రోజూ అదే చోట, బొడ్డుకి నాలుగు వేళ్ల కింద, ఎంత వాము పోసినా లొంగలేదు. అప్పుడు వెలిగింది నాకు.

కాబట్టి రెండోసారి నేను సీనియర్ని. మా తోటికోడలికి మలిచూలప్పుడు పదహారో వారానికే తెలిసిందట, ఆ మాట మా ఫ్యామిలీ గ్రూపులో ఇప్పటికి నాలుగుసార్లు చెప్పింది, అడగకపోయినా. మలిచూలు బిడ్డ తొందరగా కదుల్తుందని అందరూ అంటారు కానీ నిజానికి బిడ్డలంతా ఇంచుమించు ఒకటే, ఎనిమిదో వారం నుంచే లోపల గింజుకుంటూ ఉంటారు, చిక్కుడు గింజంత ప్రాణి గింజుకుంటే ఉమ్మనీరు దాటి మన దాకా ఏం తెలుస్తుంది. తొలిచూలు అమ్మకి మామూలుగా 18, 20 వారాల మధ్య తెలుస్తుంది, కొందరికి 22 కూడా అవుతుంది. రెండోసారి 16, 18 మధ్యే తెలిసిపోవడం ఎందుకంటే టుప్ అంటే ఏంటో తల్లికి ముందే తెలుసు, పైగా పొట్ట కండరాలు కూడా ఓసారి సాగి మెత్తబడి ఉంటాయి. అంటే ముందొచ్చేది బిడ్డ కాదు, మన గుర్తుపట్టడం. ఈ గుర్తుపట్టడంలో నాకు డిస్టింక్షన్ వస్తుందని గట్టి నమ్మకం.

సోమవారం, ఫోన్లో యాప్ ప్రకారం సరిగ్గా 17 వారాలు. మారతహళ్లిలో మా రెండో అంతస్తు ఇంట్లో వర్క్ ఫ్రం హోం, కాల్‌లో మేనేజర్ ఏదో స్లైడ్ చదువుతున్నాడు, కుడిచెయ్యి మౌస్ మీద, ఎడమచెయ్యి అలవాటుగా పొట్ట మీద. జుమ్. ఇంకోసారి జుమ్. నేను మ్యూట్‌లో ఉన్నాననుకుని "అమ్మో కదిలింది" అన్నాను, లేను, అవతల పదకొండు మంది విన్నారు, మేనేజర్ "విచ్ స్లైడ్?" అన్నాడు. అది వేరే సంగతి. అసలు ఆశ్చర్యం ఏంటంటే పొట్టకే కాదు, పైన పెట్టిన చేతికి కూడా తెలిసింది. చిన్నికి ఇంత బలం ఎప్పుడు వచ్చిందీ, ఆరో నెలలో వచ్చింది! ఇది పహిల్వాన్ అనుకున్నా.

మా ఆయన టెస్టింగ్‌లో పనిచేస్తాడు, ఏదైనా రెండుసార్లు జరిగితే ఎక్సెల్ తీస్తాడు. సాయంత్రానికి షీట్ తయారు. 10:50, 11:50, 2:50, 3:50. మంగళవారం 9:50, 10:50, 11:50. "చూశావా, గంటకోసారి, నిమిషం తేడా లేదు, మీ వైపు ఇంత పంక్చువల్ ఎవరున్నారు, అచ్చం మా నాన్న పోలిక" అన్నాడు, నేను ఏదో అనబోయా గానీ ఫోన్లో అత్తయ్య అప్పటికే "అవునురా, ఆయన కాఫీ కూడా అంతే" అని కళ్లు తుడుచుకుంటున్నారు. లంచ్ తర్వాత నడిచే గంటలో మాత్రం ఏమీ లేదు, దానికీ మా దగ్గర సిద్ధాంతం ఉంది, నడిస్తే ఉయ్యాల ఊగినట్టు ఉండి బిడ్డ నిద్రపోతుంది, తల్లి కూర్చున్నాక లేస్తుంది. ఆ మాట నిజమే అసలు, నడుస్తూ పనిలో ఉన్నప్పుడు కదలికలు అంతగా తెలియవు. నిజమైన మాటలు తప్పుడు చోట ఎంత బాగా అతుకుతాయో.

శనివారం బిడ్డ కదల్లేదు.

10:50 పోయింది. 11:50 పోయింది. మా ఆయన ఖాళీ గడులకి ఎర్ర రంగు వేశాడు. చల్లటి నీళ్లు తాగాను, బెల్లం ముక్క తిన్నాను, ఎడమవైపు పడుకున్నాను, చిన్ని వచ్చి పొట్ట మీద "తమ్ముడూ లే" అని తట్టింది (తమ్ముడో చెల్లో మాకు తెలీదు, చెప్పరు, చెప్పడం చట్టరీత్యా నేరమని స్కాన్ సెంటర్లో బోర్డు కూడా ఉంది, దానికి మాత్రం తమ్ముడే). 2:50 కూడా పోయేసరికి నాకు కాళ్లల్లో వణుకు మొదలైంది. ఆటో ఎక్కాం, శనివారం ట్రాఫిక్, ఆటో డ్రైవర్ మా ముఖాలు చూసి "అర్జెంటా అక్కా" అని రాంగ్ రూట్‌లో ఎక్కించి ఇంకో ఆటోకి ఎదురుగా పావుగంట నిలబెట్టాడు.

డాక్టరమ్మది చిత్తూరు వైపు, ముప్పై ఏళ్లుగా బెంగళూరే. ముందు ఏమీ అడక్కుండా డాప్లర్ పెట్టి గుండె వినిపించింది, నిమిషానికి 150, గుర్రప్పరుగు. నేను ఏడ్చేశాను. అప్పుడు కూర్చోబెట్టి అడిగింది, "ఎక్కడ కదిలేదమ్మా, చూపించు?" చూపించాను, బొడ్డుకి జానెడు పైన.

"అక్కడ నీ మధ్యాహ్నం అన్నం ఉంటుంది" అంది ఆవిడ. "నీ గర్భసంచి ఇప్పుడు బొడ్డుకీ కింద ఎముకకీ మధ్యలో ఉంది. బొడ్డు దాకా రావాలంటే 20 వారాలు రావాలి. బిడ్డ సంచీ వదిలేసి పైకొచ్చి కదులుతుందా?"

మా ఆయన ఇదంతా తన షీట్ మీద నమ్మకం లేని మాటలా తీసుకుని ల్యాప్‌టాప్ తెరిచాడు. అవును, ఆటోలో ల్యాప్‌టాప్ తెచ్చాడు. ఆవిడ కళ్లద్దాలు కిందకి దించి చూసింది. "అన్నీ యాభయ్యేనే? లోపలి బిడ్డకి గంటలు తెలీవయ్యా, 20 నిమిషాలో 40 నిమిషాలో నిద్రపోతుంది, లేస్తుంది, మళ్లీ పడుకుంటుంది, ఈ టైంలో అసలు లెక్కే ఉండదు." అంటూ ఆగి నా ఎడమ మణికట్టు చూసింది, అక్కడ తెల్లగా పట్టీ మచ్చ ఉంది. "వాచీ ఏదమ్మా?"

మా పెళ్లిరోజుకి ఆయన కొన్న వాచీ, టైం చూడాలంటే నేను ఫోనే తీస్తాను గానీ ఆయన బాధపడతాడని పెట్టుకుంటాను. శుక్రవారం రాత్రి చార్జింగ్ పెడదామంటే చిన్ని చార్జర్ ఎక్కడో దాచేసింది, వాచీ చచ్చి డ్రాయర్లో ఉంది. నేను ఇదంతా చెప్తుండగానే ఆవిడ చేతికున్న వాచీ జుమ్ అంది. గోడ గడియారం 3:50. పొద్దుట్నుంచీ ఓపీలో కూర్చునే ఉంది కదా పాపం. చెయ్యి చాపి నాకు స్క్రీన్ చూపించింది, స్టాండ్ అని ఉంది, గంటలో ఒక్కసారీ లేవకపోతే యాభయ్యో నిమిషానికి లేవమని గుర్తుచేస్తుందట.

నేను లేచి నిలబడ్డాను.

ఆవిడ నవ్వలేదు, నిజంగా గొప్ప మనిషి. పక్క గదిలోంచి వచ్చిన నర్సు మాత్రం మళ్లీ వెళ్లిపోయింది, తలుపు అవతల నవ్వు వినిపించింది. తర్వాత డాక్టరమ్మ స్కాన్ పెట్టి చూపించింది, స్క్రీన్ మీద బిడ్డ చేపపిల్లలా ఎగిరి గంతులేస్తోంది, కాళ్లు చాపుతోంది, బోర్లా తిరగబోతోంది. "ఏమైనా తెలుస్తోందా?" అంది. "జెల్ చల్లగా తెలుస్తోంది" అన్నాను.

విషయం ఏంటంటే ఈసారి మాయ ముందువైపు అంటుకుంది, రిపోర్టులో యాంటీరియర్ అని రాస్తారే అది. చిన్నప్పుడు, అంటే చిన్ని అప్పుడు, వెనకవైపు వీపు దగ్గర ఉంది కాబట్టి బిడ్డ తన్నింది తన్నినట్టు పొట్ట గోడకి తగిలింది. ఇప్పుడు బిడ్డకీ నా పొట్టకీ మధ్య బొంత పరిచినట్టు మాయ ఉంది, తన్నులన్నీ అదే తింటోంది. దానివల్ల బిడ్డకేం నష్టం లేదు, మాయ అక్కడ ఉండడం మామూలే, కాకపోతే మలిచూలు కదా ముందే తెలుస్తుంది అన్న సూత్రం ఈ బొంత కింద నలిగిపోతుంది. ఇంకోటి, నా యాప్ 17 వారాల 5 రోజులు అంటోంది, డాక్టరమ్మ ఫైల్లో 16 వారాల 3 రోజులే ఉంది. యాప్ చివరి నెలసరి నుంచి 28 రోజుల లెక్క వేసుకుంటుంది, నాకేమో ఎప్పుడూ 37, 38 రోజులకి వస్తుంది, మొదటి స్కాన్‌లో కొలత చూసి వీళ్లు ఆ 9 రోజులు సరిచేశారు, నేను యాప్‌లో మార్చలేదు. అంటే మా తోటికోడలి పదహారుతో నేను పందెం కాసింది లేని వారాలతో.

మా ఆయన ఇంటికో డాప్లర్ ఆర్డర్ పెడతానన్నాడు. ఆవిడ వద్దంది, తెలియని చేతుల్లో అది తల్లి నాడినే పట్టి బిడ్డ గుండె అని వినిపిస్తుందట, బిడ్డకి బాగోనప్పుడు కూడా బాగుందనుకుని ఇంట్లో కూర్చుంటారట. "20 దాటాక పొట్ట కింద, పక్కల్లో చూసుకో, మాయ అంచులు దాటి అక్కడ తెలుస్తుంది. 24 వచ్చినా ఏమీ లేకపోతే రా. తర్వాత రోజువారీ అలవాటు పడ్డాక తగ్గినట్టు అనిపిస్తే మాత్రం మాయ ముందుంది కదా అని సరిపెట్టుకోకు, తెల్లారేదాకా ఆగకు, అదే రోజు రా. వాచీ లేకుండా రా."

అత్తయ్యకి చెప్పే బాధ్యత మా ఆయన తీసుకున్నాడు. చాలాసేపు అటువైపు నిశ్శబ్దం. తర్వాత, "అయితే మీ నాన్న పోలిక కాదా?" అన్నారు.

వాచీ ఆయనకే ఇచ్చేశాను.

20 వారాల 5 రోజులు, ఫైల్ లెక్కే, రాత్రి భోజనాలయ్యాక ఎడమవైపు తిరిగి పడుకున్నాను. కింద, తొడ మొదలు దగ్గర, కన్ను అదిరినట్టు అదిరింది. అంతే. గ్యాస్ కాదు, పాకలేదు. ఊపిరి బిగబట్టి పడుకున్నా, ఓ ఐదు నిమిషాలకి మళ్లీ అక్కడే, రెండుసార్లు. కళ్లనీళ్లొచ్చాయి గానీ ఈసారి ఎవరికీ చెప్పలేదు, మూడు రోజులు ఆగాను, రోజూ రాత్రి అదే చోట వచ్చింది, వేరే వేరే టైముల్లో, ఒక్కటీ యాభై కాదు. అప్పుడు చెప్పాను. మా ఆయన ఎగిరి వచ్చి పక్కన కూర్చుని పొట్ట మీద చెయ్యి పెట్టాడు. ఇప్పుడే బయటికి తెలీదండీ, బొంత ఉంది కదా, ఇంకా చాలా వారాలు పడుతుంది అని చెప్తూనే ఉన్నా, వినడే, కళ్లు మూసుకుని పూజలో కూర్చున్నట్టు కూర్చున్నాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు.

"వచ్చింది! నా చేతికి తెలిసింది!" అని ఎగిరి గంతేసి ల్యాప్‌టాప్ కోసం పరిగెత్తాడు.

గడియారం వైపు చూశాను. పది యాభై. నేనేం మాట్లాడలేదు.